స్ప్రింగును సగానికి కోస్తే మెత్తబడాలి కదా, గట్టిపడిందేంటి?

కడియం శ్రీను (శనివారం, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి జూనియర్ ఇంటర్. దాని లెక్కల పుస్తకంలో ఒక ప్రశ్న వచ్చింది. ఒక స్ప్రింగు బల స్థిరాంకం k. దాన్ని రెండు సమాన ముక్కలుగా కోసి, రెండూ పక్కపక్కన పెట్టి అదే బరువు వేలాడదీస్తే మొత్తం బల స్థిరాంకం ఎంత? నేను "సగం స్ప్రింగుకి సగం బలం, రెండు సగాలు కలిస్తే మళ్ళీ k" అన్నాను. జవాబు 4k అని ఉంది. అచ్చుతప్పు అనుకున్నాను. అమ్మాయి ఒప్పుకోలేదు. సరే తేల్చుకుందామని హార్డ్‌వేర్ షాపులో రెండు చివర్లా కొక్కేలున్న సాగే స్ప్రింగు ఒకటి తెచ్చాను. తీగ మందం 1 మి.మీ., చుట్టు బయటి వ్యాసం 11 మి.మీ., చుట్లు 60. పక్కింటి కిరాణా వాళ్ల తూకపు రాళ్లు అడిగి తెచ్చి, తలుపు గొళ్ళేనికి తగిలించి కొలిచాం.

మొత్తం స్ప్రింగు: అరకిలోకి 11 మి.మీ. సాగింది, కిలోకి 41, కిలోన్నరకి 70, రెండు కిలోలకి 100.

తర్వాత కటింగ్ ప్లేయర్‌తో మధ్యకు కోసి, కోసిన చోట ఒక్కో చుట్టు పైకి లేపి కొక్కెంలా వంచాను. ఆ సగం ముక్క ఒక్కదానికే: అరకిలోకి 5కీ 6కీ మధ్య, కిలోకి 20, కిలోన్నరకి 34, రెండు కిలోలకి 48.

అంటే సగం ముక్క సాగింది సగమే. గట్టిపడింది! అమ్మాయి నవ్వుతోంది. సరే ఓడిపోయాను. కానీ నా అసలు ఇబ్బంది వేరే. బరువును సాగుదలతో భాగిస్తే k రావాలి కదా. మొత్తం స్ప్రింగుకి మి.మీ.కి 45 గ్రాములు, 24, 21, 20... ఒక్కో బరువుకి ఒక్కో k వస్తోంది. హుక్ గారి నియమం నా తలుపు దగ్గర పనిచేయట్లేదా?

---

ధర్మవరం బుల్లోడు (9:32)

అన్నా, k అనేది ఉక్కుకి సంబంధించిన గుణం. ఒకే ఉక్కు, ఒకే తీగ. కోసినా కోయకపోయినా మారకూడదు. బంగారం గొలుసు సగం చేస్తే బంగారం ధర మారుతుందా? మీ కొలతలో ఏదో తప్పుంది.

---

సర్క్యూట్ సతీష్ (9:41)

బుల్లోడు గారూ, గ్రాము ధర మారదు, గొలుసు ధర మారుతుంది. k గొలుసు ధర లాంటిది. ఉక్కు గుణం వేరే ఉంటుంది, అది మారదు.

నేను ఎలక్ట్రానిక్స్ మనిషిని. నాకైతే ఒక్కటే గుర్తు: స్ప్రింగులు రెసిస్టర్లకి తిరగేసినవి. రెసిస్టర్లు ఒకదాని వెనక ఒకటి పెడితే కూడతాం, స్ప్రింగులు పక్కపక్కన పెడితే కూడతాం. ఒకే గీతలో ఉంటే శ్రేణి, పక్కపక్కన ఉంటే సమాంతరం. అయిపోయింది.

---

పాత లేత్ మిషన్ (10:15)

శ్రీను గారూ, కొలతలు చాలా బాగున్నాయి. తప్పేం లేదు. మా షాపులో ఇరవై రెండేళ్లుగా స్ప్రింగులు చుడుతున్నాం, కొత్తగా చేరిన కుర్రాళ్లు మొదటి వారం పడే గోతిలోనే మీరూ పడ్డారు.

మీ దగ్గరున్నది చుట్టుకి చుట్టు అంటుకుని ఉండే సాగే స్ప్రింగు. చుట్టేటప్పుడే తీగను కాస్త మెలితిప్పుతూ బిగించి చుడతారు. అందుకే బరువు లేనప్పుడు కూడా చుట్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ ఉంటాయి. దీన్ని మేం ఇనిషియల్ టెన్షన్ అంటాం. ఆ నొక్కుడును దాటేంత బరువు వేసేదాకా స్ప్రింగు అసలు తెరుచుకోదు. ఆ మొదటి వాటాని మీరు సాగుదలకి ఖర్చయిన బరువులో కలిపి భాగిస్తున్నారు, అందుకే k మారుతూ కనిపిస్తోంది.

బరువుని సాగుదలతో భాగించకండి. బరువు పెంచినప్పుడు ఎంత అదనంగా సాగిందో చూడండి. మీ అంకెల్లోనే ఉంది: 11 నుంచి 41కి 30, 41 నుంచి 70కి 29, 70 నుంచి 100కి 30. ప్రతి అరకిలోకి సుమారు 29.5 మి.మీ. అంటే మి.మీ.కి 17 గ్రాములు. హుక్ నియమానికి ఏమీ కాలేదు, గీత సూటిగానే ఉంది, సున్నా దగ్గర మొదలవ్వలేదు అంతే.

ఆ గీతని వెనక్కి పొడిగించండి. కిలోకి 41 మి.మీ. సాగింది. ఆ 41 మి.మీ.కి మి.మీ.కి 17 గ్రాముల చొప్పున 700 గ్రాములు చాలు. మిగిలిన 300 గ్రాములు చుట్లు విడదీయడానికి పోయాయి. రేపు 200 గ్రాములు వేలాడదీసి చూడండి. కదలదు.

సగం ముక్కకి: 34 లోంచి 20 తీస్తే 14, 48 లోంచి 34 తీస్తే 14. అరకిలోకి 14, ఇంకాస్త ఎక్కువ. మి.మీ.కి 35 గ్రాములు. 35ని 17తో భాగించండి. రెండు కంటే ఓ పిసరు ఎక్కువొస్తుంది. ఆ పిసరు సంగతి తర్వాత చెప్తా.

---

కడియం శ్రీను (10:40)

అర్థమైంది అండీ. 200 గ్రాముల రాయి ఇప్పుడే తగిలించాను. కదల్లేదు! 300 వేస్తే చుట్ల మధ్య సన్నగా వెలుగు కనిపిస్తోంది, అదీ టార్చి వేస్తేనే.

కానీ సగం స్ప్రింగు ఎందుకు గట్టిపడాలి? అంకెలు ఒప్పుకున్నాను, మనసు ఒప్పుకోవట్లేదు. పొడవాటి తాడు కంటే పొట్టి తాడు తక్కువ సాగుతుందని తెలుసు. అయినా "సగం ఉక్కుతో రెట్టింపు గట్టి" అంటే ఏదో మోసంలా ఉంది.

---

పాత లేత్ మిషన్ (10:58)

అమ్మాయిని ఒక పని చేయమనండి. కిలో రాయి వేలాడుతుండగా, స్ప్రింగు మధ్యలో పది చుట్ల పొడవు స్కేలుతో కొలవమనండి. ముందు సగం ముక్కకి, తర్వాత రెండు ముక్కల్నీ ఒకదాని కొక్కెం ఇంకోదానికి తగిలించి. వచ్చిన అంకె ఇక్కడ పెట్టండి. అప్పటిదాకా నేను మాట్లాడను.

---

విజయ గన్నవరం (11:20)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మీరు స్ప్రింగుల గురించి మాట్లాడుకుంటుంటే మా ఊయల గుర్తొచ్చింది. మా మనవడికి తొమ్మిదో నెల. చీర ఊయలకి పైన స్ప్రింగు పెట్టాం. వాడు పెరిగేకొద్దీ ఊయల కిందికి దిగిపోతోంది, ఇప్పుడు నేలకి జానెడు ఎత్తులో ఉంది. శ్రీను గారు చెప్పినట్టు స్ప్రింగును సగానికి కోస్తే గట్టిపడుతుంది కదా. మా ఆయన రేపు హాక్సా బ్లేడు తెస్తానంటున్నారు. కోయొచ్చా?

---

పాత లేత్ మిషన్ (11:24)

విజయమ్మా, వద్దు! దయచేసి ఆ హాక్సా తీసి పక్కన పెట్టమనండి. రేపు పొద్దున వివరంగా రాస్తాను. ఈలోపు ఊయలలో కిలో బియ్యం ప్యాకెట్టు అదనంగా పెట్టి ఎంత దిగుతుందో కొలవండి. బాబుని తీసేశాక కాదు, బాబు బరువుకి సరిపడా ఏదైనా పెట్టి, దాని మీద కిలో.

---

కడియం శ్రీను (ఆదివారం, ఉదయం 8:05)

కొలిచాం. సగం ముక్క మీద కిలో: పది చుట్లకి 17 మి.మీ. రెండు ముక్కలు కలిపి తగిలించి కిలో వేస్తే: పైముక్కలో పది చుట్లకి 17, కింది ముక్కలోనూ 17. మొత్తం సాగుదల 39. అమ్మాయి ఇంకేం చెప్పనక్కర్లేదంది. నాకు మాత్రం చెప్పండి.

---

పాత లేత్ మిషన్ (8:50)

ఇంక చెప్పడానికి పెద్దగా లేదు. స్ప్రింగులో ఎక్కడ పట్టుకున్నా, ఆ చోటికి కింద వేలాడుతున్నది ఆ కిలోనే. పై చుట్టు కిలోని అరకిలో చేసి కింది చుట్టుకి ఇవ్వదు. ప్రతి చుట్టూ పూర్తి కిలో మోస్తుంది. చుట్టుకి ఎంత తెరుచుకోవాలో ఆ బరువే నిర్ణయిస్తుంది. ఒక్కో చుట్టు సుమారు 0.7 మి.మీ. తెరుచుకుంది. 60 చుట్లుంటే 41 వచ్చింది, 29 చుట్లుంటే 20 వచ్చింది. పక్క చుట్లు ఎన్ని ఉన్నాయో ఏ చుట్టుకీ తెలియదు.

మీరు "సగం ఉక్కుతో రెట్టింపు గట్టి" అంటున్నారు. నేనైతే "తెరుచుకునే చోట్లు సగమయ్యాయి" అంటాను. మోసం ఏమీ లేదు.

శ్రేణి అంటే ఇదే. మీ 60 చుట్ల స్ప్రింగు రెండు 30 చుట్ల స్ప్రింగులు శ్రేణిలో పెట్టినదే. కోయకముందే అది శ్రేణి.

---

ఫిజిక్స్ సార్ రిటైర్డ్ (9:30)

చక్కగా చెప్పారు. పిల్లలకి నేను సాగుదలలు కూడమని చెప్పేవాణ్ణి, సూత్రం తర్వాత. శ్రేణిలో బలం ఒక్కటే, సాగుదలలు కూడతాయి. సమాంతరంలో సాగుదల ఒక్కటే, బలాలు కూడతాయి. ఇది వస్తే 1/k లు కూడాలా k లు కూడాలా అన్నది బట్టీ పట్టక్కర్లేదు.

సతీష్ గారి "ఒకే గీతలో ఉంటే శ్రేణి" మాత్రం ప్రమాదం. పరీక్షల్లో ఎంతమందిని ముంచిందో. ఎదురెదురుగా రెండు గోడలు, మధ్యలో ఒక దిమ్మ, దిమ్మకి ఎడమవైపు ఒక స్ప్రింగు ఎడమ గోడకి, కుడివైపు ఇంకో స్ప్రింగు కుడి గోడకి. అన్నీ ఒకే గీతలో ఉన్నాయి. శ్రేణా, సమాంతరమా?

---

సర్క్యూట్ సతీష్ (9:44)

ఒకే గీత కాబట్టి... అడిగారంటేనే శ్రేణి కాదని అర్థమైంది సార్ 🙂. కానీ ఎందుకు?

---

ఫిజిక్స్ సార్ రిటైర్డ్ (9:58)

దిమ్మని కుడివైపు ఒక సెంటీమీటరు జరపండి. ఎడమ స్ప్రింగు ఒక సెంటీమీటరు సాగుతుంది, కుడిది ఒక సెంటీమీటరు నలుగుతుంది. రెండింటిలోనూ మార్పు ఆ ఒక్క సెంటీమీటరే. ఎడమది వెనక్కి లాగుతుంది, కుడిది వెనక్కి తోస్తుంది, రెండూ ఒకే దిక్కుకి. బలాలు కూడాయి, కాబట్టి సమాంతరం. బొమ్మ చూసి కాదు, ఏది జరిపితే ఏది ఎంత కదులుతుందో చూసి చెప్పాలి.

---

డ్రైవర్ బాబాయ్ (10:20)

మీ చదువులు నాకు రావు గానీ నా అనుభవం చెప్తా. కొన్నేళ్ల క్రితం కారు కిందికి దిగితే స్టైలుగా ఉంటుందని ముందు స్ప్రింగుల్లో ఒక్కో చుట్టు గ్యాస్ కట్టర్‌తో కోయించా. అప్పట్నుంచి ప్రతి గుంతా నడుముకి తెలిసేది. గ్యాస్ వేడికి ఉక్కు గట్టిపడిపోయిందని మెకానిక్ చెప్పాడు. అదే కారణం.

---

పాత లేత్ మిషన్ (10:55)

బాబాయ్, వేడికి గట్టిపడటం కాదు. ఉక్కుని కాల్చినా చల్లార్చినా స్ప్రింగు గట్టిదనం దాదాపు మారదు. మారేది అది ఎంత బరువుకి శాశ్వతంగా వంగిపోతుందన్నది. గ్యాస్ తగిలిన చోట ఆ ఓర్పు పోతుంది, కొన్నాళ్లకి కుంగుతుంది, లేదా అక్కడే పగులుతుంది. నడుము నొప్పికి కారణం చుట్లు తగ్గడం.

ఉదాహరణకి పనిచేసే చుట్లు ఆరు అనుకోండి, మి.మీ.కి 30 న్యూటన్లు. ఒకటి కోస్తే ఐదు, మి.మీ.కి 36. దాని మీద 3000 న్యూటన్ల బరువు కూర్చుంటే ముందు 100 మి.మీ. నలిగేది, ఇప్పుడు 83 నలుగుతుంది. ఇక్కడ తమాషా ఏంటంటే, కోసి పారేసిన చుట్టు విడిగా 55 మి.మీ. ఎత్తు ఉంటే కారు 55 దిగదు. 17 వెనక్కి వస్తుంది, 38 మాత్రమే దిగుతుంది. ఇంకొంచెం దించుదామని మళ్ళీ కోస్తారు, ఇంకా గట్టిపడుతుంది.

పైగా కోసిన కొస సీటులో సరిగ్గా కూర్చోదు. జాకీ ఎత్తినప్పుడు చక్రం వేలాడితే స్ప్రింగు వదులుగా కదులుతుంది. మీరు ఇప్పుడు ఆ కారు నడపట్లేదనే అనుకుంటున్నా.

---

డ్రైవర్ బాబాయ్ (11:02)

అమ్మేశా. కొన్నవాడి నడుము సంగతి నాకు తెలీదు.

---

విజయ గన్నవరం (11:30)

కిలో బియ్యం పెట్టాం. 2 సెంటీమీటర్లు దిగింది. బాబు 8 కిలోలు, చీర, కర్ర అన్నీ కలిపి ఇంకో 2 ఉంటుంది. ఎందుకు కోయకూడదో చెప్పండి. షాపతను కూడా "కోస్తే స్ట్రాంగ్ అవుతుంది" అన్నాడట.

---

పాత లేత్ మిషన్ (12:10)

అదే అమ్మా అసలు ముప్పు. గట్టిదనం వేరు, మోసే శక్తి వేరు. కోస్తే గట్టిదనం రెట్టింపవుతుంది, మోసే శక్తి ఒక్క గ్రాము కూడా పెరగదు.

పొద్దుటి పది చుట్ల కొలత గుర్తుచేసుకోండి. మొత్తం స్ప్రింగులో అయినా సగం ముక్కలో అయినా ఒక్కో చుట్టు తెరుచుకున్నది అంతే. అంటే తీగ లోపల మెలి అంతే, తీగ పడే శ్రమ అంతే. మీ స్ప్రింగు 20 కిలోలు మోయగలదని అమ్మి ఉంటే, సగం కోసినదీ 20 కిలోలే మోస్తుంది. తక్కువ దిగుతుంది కాబట్టి బలంగా ఉందనిపిస్తుంది.

రెండోది కొక్కెం. సాగే స్ప్రింగులు ఎక్కువగా విరిగేది ఒంట్లో కాదు, కొక్కెం వంపు దగ్గర. ఫ్యాక్టరీలో ఆ వంపుని గుండ్రంగా తిప్పి, తర్వాత తక్కువ వేడిలో ఉంచి ఒత్తిడి తీస్తారు. ఇంట్లో ప్లేయర్‌తో వంచితే మూల పదునుగా వస్తుంది, ప్లేయర్ పళ్ళ గాటు పడుతుంది. ఊయల రోజుకి కొన్ని వేలసార్లు ఊగుతుంది. గాటు దగ్గర పగులు మొదలవుతుంది, ఒకరోజు టప్‌మని పోతుంది. శ్రీను గారు తలుపుకి తూకపు రాయి వేలాడదీశారు, పడితే నేల పాడవుతుంది. మీరు వేలాడదీసేది బాబుని.

మూడోది, ఊపు. ఇప్పుడు మీ ఊయల కిందికీ పైకీ ఒకసారి వచ్చి వెళ్లడానికి 0.9 సెకను పడుతుంది. సగం కోస్తే 0.63 సెకను. బాబుకి జోల కాదు, ఆటో ప్రయాణం.

మీకు కావలసింది సమాంతరం. అలాంటిదే ఇంకో స్ప్రింగు, అదే షాపులో అదే సైజు కొని, రెండూ పక్కపక్కన తగిలించండి. ఒక్కోదాని మీద సగం బరువే పడుతుంది. గట్టిదనం రెట్టింపు, మోసే శక్తి కూడా రెట్టింపు. ఊపు మాత్రం కోసినట్టే వేగం అవుతుంది, అది తప్పదు. ఊపు మారకూడదంటే స్ప్రింగు జోలికి పోకుండా పైతాడు పొట్టి చేయండి. నేలకి ఎత్తు పెరగడానికి అదొక్కటే చాలు, ప్రస్తుత బరువు ఆ స్ప్రింగుకి మించనంతవరకు.

ఏది చేసినా స్ప్రింగు పక్కనుంచి ఒక గట్టి నైలాన్ తాడు వదులుగా కట్టండి. స్ప్రింగు పోతే తాడు పట్టుకోవాలి.

---

ధర్మవరం బుల్లోడు (12:25)

ఆగండి, ఒకదాని కింద ఒకటి తగిలించినా బరువు రెండూ పంచుకుంటాయి కదా? రెండు స్ప్రింగులు ఉన్నాయిగా.

---

విజయ గన్నవరం (12:31)

బాబూ, నేనే చెప్తా ఈసారి. బావిలో చేదకి రెండు తాళ్లు ముడేసి దింపితే నీళ్ల బరువు రెండు తాళ్లకి సగం సగం పడుతుందా? ఏ తాడు చీకినా చేద బావిలోనే.

మా ఆయనకి చూపించాను. తాడు పొట్టి చేస్తానన్నారు. నైలాన్ తాడు కూడా.

---

పాత లేత్ మిషన్ (12:33)

విజయమ్మా 🙏 నాకంటే బాగా చెప్పారు.

---

కడియం శ్రీను (సాయంత్రం 6:15)

ఇక అసలు ప్రశ్నకి వద్దాం. 4k. రెండు సగం ముక్కలూ పక్కపక్కన వేలాడదీసి, కింద ఒక చెక్క స్కేలుకి రెండు కొక్కేలూ తగిలించి, మధ్యలో రాళ్లు వేశాం.

అరకిలో: అసలు కదల్లేదు. సున్నా.
కిలో: 5కీ 6కీ మధ్య.
రెండు కిలోలు: 20.

పాత పద్ధతిలో భాగిస్తే కిలో దగ్గర మొత్తం స్ప్రింగు కంటే ఏడు రెట్లకి పైగా గట్టి, రెండు కిలోల దగ్గర ఐదు రెట్లు. నాలుగు ఎక్కడా రాలేదు. కానీ లేత్ మిషన్ గారు చెప్పినట్టు పెరుగుదల చూశాను. కిలో నుంచి రెండు కిలోలకి 14 మి.మీ., కొంచెం ఎక్కువ. మి.మీ.కి 70 గ్రాములు. 70 ని 17తో భాగిస్తే 4.1. వచ్చింది!

అరకిలోకి కదలకపోవడం కూడా ఇప్పుడు అర్థమైంది. ఒక్కో ముక్క తెరుచుకోవడానికి 300 గ్రాములు కావాలి, రెండింటికీ 600. అరకిలో చాల్లేదు. కోసినా ఆ 300 సగం కాలేదు, అది చుట్టుకి చుట్టుకి మధ్య ఉన్న సంగతి కాబట్టి. సరిగ్గా చెప్పానా?

ఒక్క ఇబ్బంది. స్కేలు ఎడమవైపుకి కాస్త ఒరిగింది. పది నిమిషాలు సరిచేసినా ఒరుగుతూనే ఉంది.

---

ఫిజిక్స్ సార్ రిటైర్డ్ (6:40)

సరిగ్గా చెప్పారు. అమ్మాయికి మార్కులు, మీకు కూడా.

ఒరగడం గురించి: k లు కూడే సూత్రం స్కేలు ఒరగకుండా సమంగా దిగితేనే. ముక్కల్లో ఒకటి కొంచెం మెత్తగా ఉంటే అటు ఎక్కువ దిగుతుంది. రాయిని గట్టి ముక్క వైపు కొద్దిగా జరిపితే స్కేలు సమమవుతుంది. ఎంత జరిపారో కొలిస్తే ఒక్కో ముక్క మీద ఎంత బరువు పడుతుందో తెలుస్తుంది; అందులోంచి ఆ 300 గ్రాములు తీసేస్తే రెండు ముక్కల k ల నిష్పత్తి కూడా వస్తుంది.

సాగుదల కొలవడం కంటే ఊగుళ్లు లెక్కపెట్టడం ఇంకా తేలిక. కిలో వేసి మెల్లగా కిందికి లాగి వదలండి, 20 ఊగుళ్లకి సమయం చూడండి. ఇనిషియల్ టెన్షన్ గొడవ ఉండదు, ఎందుకంటే చుట్లు తెరుచుకుని ఉన్నంతసేపు, బరువు అదే అయితే, ఊగే వేగాన్ని నిర్ణయించేది గీత వాలు ఒక్కటే.

---

కడియం శ్రీను (7:35)

మొత్తం స్ప్రింగు ఇక లేదు కాబట్టి రెండు ముక్కలు శ్రేణిలో తగిలించి కిలో: 20 ఊగుళ్లకి 9.6 సెకన్లు. ఒక్క సగం ముక్కతో కిలో: 6.8. పక్కపక్కన పెట్టి కిలో వేస్తే మాత్రం టక్ టక్ అని చప్పుడొచ్చి రెండు ఊగుళ్లకే ఆగిపోతోంది.

---

పాత లేత్ మిషన్ (7:50)

పక్కపక్కన పెట్టినప్పుడు కిలోకి తెరుచుకున్నది ఐదారు మి.మీ. మాత్రమే. మీరు దానికంటే ఎక్కువ లాగి వదిలితే పైకి వచ్చేటప్పుడు చుట్లు మూసుకుని ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. ఆ చప్పుడు అదే. రెండు కిలోలు వేసి, సెంటీమీటరు మాత్రం లాగి వదలండి. సగం ముక్కకి కిలో వేస్తే వచ్చిన 6.8 సెకన్లే రావాలి. బరువు రెట్టింపు, గట్టిదనం రెట్టింపు.

---

కడియం శ్రీను (8:04)

6.7, 6.8, 6.8. అమ్మాయి ఫోనులో టైము చూసింది, నేను లెక్కపెట్టాను.

---

సర్క్యూట్ సతీష్ (8:20)

మరి ఆ "పిసరు" సంగతి? సగానికి కోస్తే సరిగ్గా రెండు రెట్లు రావాలి, 2.07 ఎందుకు వచ్చింది? లేత్ మిషన్ గారు తర్వాత చెప్తానన్నారు.

---

పాత లేత్ మిషన్ (8:45)

మేం షాపులో వాడేది ఇది:

```
k = G d^4 / (8 D^3 n)
```

G ఉక్కుకి సుమారు 80000 న్యూటన్లు చదరపు మి.మీ.కి. ఇదే బుల్లోడు గారు చెప్పిన మారని గుణం. d తీగ మందం 1. D చుట్టు వ్యాసం, తీగ మధ్య నుంచి మధ్యకి, అంటే 11 కాదు 10. n చుట్లు 60. వేసి చూస్తే మి.మీ.కి 0.167 న్యూటన్లు, గ్రాముల్లో 17. తలుపు దగ్గర వచ్చిందే. అచ్చంగా కలవడం అదృష్టం కూడా; తీగ 0.98 ఉంటే నాలుగో ఘాతం వల్ల 8 శాతం తగ్గిపోయేది.

కోస్తే మారేది n మాత్రమే, అది కింద ఉంది చూడండి. శ్రీను గారు 60ని 30, 30గా కోశారు, కానీ ఒక్కో ముక్కలో ఒక చుట్టుని కొక్కెం చేశారు. పనిచేసే చుట్లు 29. 60ని 29తో భాగిస్తే 2.07.

---

ఫిజిక్స్ సార్ రిటైర్డ్ (9:05)

అంత ఖచ్చితంగా చెప్పొచ్చా? స్కేలుతో అర మి.మీ. అటూ ఇటూ చదివినా మూడు శాతం తేడా వస్తుంది. 2.07కీ 2కీ తేడా అంతే. పైగా పైకి లేచిన ఆ కొక్కెం చుట్టు కూడా బరువుకి కొంత వంగుతుంది, పూర్తిగా పనిచేయని చుట్టు అనలేం.

---

పాత లేత్ మిషన్ (9:22)

కొక్కెం కొంత వంగుతుంది, ఒప్పుకుంటా. కానీ మొత్తం స్ప్రింగుకి కూడా రెండు కొక్కేలున్నాయి, సగం ముక్కకీ రెండున్నాయి. రెండింటికీ అది సమానంగా కలిస్తే నిష్పత్తి ఇంకా తగ్గాలి, 2.07 కంటే కిందికి. కాకపోతే ఒక కొక్కెం ఫ్యాక్టరీది, ఒకటి శ్రీను గారి ప్లేయర్‌ది. ఏది ఎంత వంగుతుందో చెప్పలేను. స్కేలు ఒరగడానికి కూడా అదే కారణమని నా అనుమానం.

ఇంకో ముక్క కోసి, 20 చుట్లది ఒకటి, 10 చుట్లది ఒకటి చేస్తే తెలుస్తుంది. పొట్టి ముక్కలో కొక్కెం వాటా పెద్దదిగా కనిపిస్తుంది.

---

కడియం శ్రీను (9:40)

అండీ, రెండు ముక్కలూ దాచి పెట్టాను, అమ్మాయికి మంగళవారం పరీక్ష. కోసేటప్పుడు తెగిన కొస ఎగిరి నా కళ్ళద్దాలకి తగిలింది కూడా, ఈసారి చూసుకుని కోస్తా.

దాని పుస్తకంలో తర్వాతి ప్రశ్న: స్ప్రింగుని 1:2 నిష్పత్తిలో కోస్తే ముక్కల k లు ఎంత? నేను నోరు మూసుకున్నాను. అది చుట్లు లెక్కేసి చిన్నదానికి 3k, పెద్దదానికి ఒకటిన్నర k అంది. "నాన్నా, రెండూ శ్రేణిలో పెడితే మళ్ళీ k రావాలి, చూసుకో" అని కాగితం నా వైపు తోసింది. వచ్చింది.

---

ధర్మవరం బుల్లోడు (9:58)

సరే, k మారుతుంది, ఒప్పుకున్నా. కొక్కెం సంగతి తేలాక చెప్పండి, ఆ పది చుట్ల ముక్క నేను కోస్తా. మా ఇంట్లో పాత ఊయల స్ప్రింగు ఉంది.